నాలుగు పాత డిస్కులు, తిరగాల్సినవి రెండే



ఇంట్లో రాత్రీ పగలూ ఆపకుండా కరెంటు తాగే వస్తువులు నిజానికి చాలా తక్కువ. ఫ్రిజ్ ఒకటి, వైఫై రూటర్ ఒకటి, కొన్ని ఇళ్ళల్లో ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్సు. ఆ జాబితాలో ఇంకో పెట్టెను చేర్చడం గురించి ఈ రోజు మాట్లాడతాను. మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ కంప్యూటర్‌నీ, సొరుగుల్లో మిగిలిపోయిన హార్డ్‌డిస్కుల్నీ కలిపి ఇంటికి ఒక ఫైల్ సర్వర్ చేసుకోవడం. అంటే అందరి ఫోన్లలోని ఫొటోలు, పెళ్ళి వీడియోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు అన్నీ ఒకే చోట దాచి, ఏ గదిలో కూర్చున్నా తెరుచుకునేలా చేయడం.

ఈ పని మొదలుపెట్టినవాళ్ళు సాధారణంగా మూడు ప్రశ్నల్ని విడివిడిగా అడుగుతారు. ఏ డిస్కులు వాడాలి? రెయిడ్‌లో ఏ లెవెల్ పెట్టాలి? కరెంటు ఎంత కాలుతుంది? నా ఉద్దేశంలో ఈ మూడూ ఒకటే ప్రశ్న. డిస్కుల సంఖ్య తేలితే రెయిడ్ దాదాపు తేలిపోతుంది, బిల్లు కూడా తేలిపోతుంది. అదెలాగో చూడటానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. విజయవాడ అనుకోండి. ఆ ఇంట్లో ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్ ఉన్న పాత కంప్యూటర్ ఉంది. 8 జీబీ ర్యామ్, 450 వాట్ల పవర్ సప్లై, అబ్బాయి ఒకప్పుడు ఆటల కోసం పెట్టించుకున్న గ్రాఫిక్స్ కార్డు, 120 జీబీల చిన్న ఎస్ఎస్‌డీ. హార్డ్‌డిస్కులు నాలుగు: 500 జీబీది ఒకటి, 1 టీబీవి రెండు, 2 టీబీది ఒకటి. దాచుకోవాల్సిన సరుకు మొత్తం 700 జీబీల దాకా ఉంది. అందులో సగం పెళ్ళి వీడియోలే.

ఎవరికైనా మొదట తోచేది నాలుగు డిస్కులూ బిగించేయడమే. కలిపితే నాలుగున్నర టీబీ కదా, వదులుకోవడమెందుకు అనిపిస్తుంది. ఆ ఆలోచనను కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ డిస్కులు బతికి ఉన్నాయో లేదో చూద్దాం.

ప్రతి హార్డ్‌డిస్కూ తన ఆరోగ్యం గురించి తనే లెక్కలు రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. లైనక్స్‌లో ఆ లెక్కను చదివి చూపించే ప్రోగ్రాం పేరు smartctl. రాసుకునేవాళ్ళ కోసం: ఎస్, ఎమ్, ఏ, ఆర్, టీ, సీ, టీ, ఎల్. అది పెద్ద పట్టికను తెర మీద పరుస్తుంది. దాన్ని చూసి బెదరనక్కర్లేదు, నాలుగు వరసలు చూస్తే చాలు. 5వ నంబరు వరస, పాడైపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్ల సంఖ్య. 197, చదవడానికి మొరాయిస్తూ ఇంకా ఎటూ తేలని సెక్టార్లు. 198, చదవలేమని తేలిపోయినవి. ఈ మూడింటికీ చివరి గడిలో సున్నా ఉండాలి. 5వ వరసలో ఏవో నాలుగు సెక్టార్లు ఉండి, నెలల తరబడి అలాగే కదలకుండా ఉంటే ఆ డిస్కును రెండో రకం పనులకు వాడుకోవచ్చు. 197లో అంకె ఉండి, వారం వారం పెరుగుతోందంటే మాత్రం దాన్ని వదిలేయడమే మంచిది.

నాలుగోది 199వ వరస. ఇది పెరిగితే చాలామంది డిస్కు పోయిందనుకుని పారేస్తారు. తప్పు సాధారణంగా డిస్కుది కాదు, కేబుల్‌ది. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య సమాచారం చేరవేతలో వచ్చిన లోపాల్ని ఆ వరస లెక్కపెడుతుంది. వంగిపోయిన పాత సాటా కేబుల్ మార్చేస్తే ఆ అంకె అక్కడే ఆగిపోతుంది. సున్నాకు తిరిగి రాదు గానీ, పెరగడం ఆగిందంటే సమస్య తీరినట్టే.

పట్టిక బాగుందని అక్కడితో నమ్మేయకూడదు. ఏళ్ళ తరబడి సొరుగులో ఉన్న డిస్కుకు తన ఒంట్లో ఏముందో తనకే తెలియదు. చదివి చూస్తేనే తెలుస్తుంది. అందుకు smartctl లోనే లాంగ్ టెస్ట్ అని ఒకటుంది. డిస్కు మొత్తాన్నీ మొదటి నుంచి చివరి దాకా తనే చదువుకుంటుంది. 1 టీబీ పాత డిస్కుకు రెండు మూడు గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పొద్దున చూసుకోవచ్చు. మన ఉదాహరణలో 500 జీబీ డిస్కు ఈ పరీక్ష తప్పిందనుకుందాం. మిగిలిన మూడూ గట్టెక్కాయి.

ఈ మూడింటినీ ఎలా కలపాలి? ఇక్కడే రెయిడ్ వస్తుంది. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రం వెలువరించారు. అప్పట్లో పెద్ద కంప్యూటర్లకు పెట్టే పెద్ద డిస్కు ఖరీదు చాలా ఎక్కువ. దాని బదులు చవకైన చిన్న డిస్కులు చాలా కలిపి వాడొచ్చు గదా అన్నది వాళ్ళ వాదన. కాకపోతే డిస్కులు పెరిగేకొద్దీ ఏదో ఒకటి పోయే అవకాశమూ పెరుగుతుంది. అందుకని ఒకటి పోయినా సమాచారం నిలిచేలా కొన్ని పద్ధతుల్ని 1 నుంచి 5 దాకా లెవెల్స్‌గా చెప్పారు. జీరో, ఆరు తర్వాత చేరాయి. ఈ నేపథ్యం ఎందుకు చెబుతున్నానంటే, వాళ్ళ కాలపు సమస్యకు మన సమస్య తలకిందులు. ఇవాళ మన పాత డిస్కులన్నీ కలిపినా రాని జాగా ఒక్క కొత్త డిస్కులో దొరుకుతుంది. చిన్నవాటిని పోగుచేయాల్సిన అవసరం మనకు ఆనాడున్నంత లేదు.

రెయిడ్ జీరో అంటే డిస్కులన్నిటికీ సమాచారాన్ని ముక్కలు చేసి పంచడం. ఒక్కటి పోతే అన్నీ పోయినట్టే. పాత డిస్కులతో ఆ జోలికి వెళ్ళకండి.

రెయిడ్ వన్ అంటే అద్దం. రెండు డిస్కులు, రెండింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే సమాచారం. రెండు 1 టీబీ డిస్కులు పెడితే మనకు దక్కేది 1 టీబీ. సగం పోయిందని బాధపడతాం గానీ, దీనికి ఒక గొప్ప సౌలభ్యం ఉంది. ఆ రెండింటిలో ఏ ఒక్కదాన్నైనా పీకి, లైనక్స్ ఉన్న ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే అందులో మన ఫైళ్ళు మొత్తం ఉంటాయి.

రెయిడ్ ఫైవ్ కాస్త తెలివైన పద్ధతి. కనీసం మూడు డిస్కులు కావాలి. దాని కిటుకు చిన్న కూడికతో చెప్పొచ్చు. మొదటి డిస్కులో 7 రాశాం, రెండోదాంట్లో 5 రాశాం. మూడోదాంట్లో ఆ రెండింటి మొత్తం 12 రాశాం. ఇప్పుడు మొదటి డిస్కు పోయింది. 12 లోంచి 5 తీసేస్తే 7 మళ్ళీ దొరుకుతుంది. ఏ ఒక్కటి పోయినా మిగిలినవాటితో లెక్క కట్టొచ్చు. నిజానికి కంప్యూటర్ చేసేది కూడిక కాదు, ఎక్స్ఆర్ అనే లెక్క. ఆ మొత్తాల్ని కూడా ఒకే డిస్కులో కాకుండా అన్నిటికీ పంచుతుంది. ఆ మొత్తాన్నే పారిటీ అంటారు. మూడు డిస్కులకు రెండు డిస్కులంత జాగా దక్కుతుంది, నాలుగుంటే మూడింటంత. రెయిడ్ సిక్స్ ఇదే పద్ధతిలో రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది, అందుకు రెండు డిస్కులంత జాగా తీసుకుంటుంది. రెయిడ్ టెన్ అంటే అద్దాల జతల్ని పక్కపక్కన పేర్చడం.

ఇప్పుడు మన నాలుగు డిస్కుల లెక్కకు వద్దాం. వీటన్నిటికీ ఒకటే నియమం: గుంపులో అన్నిటికన్నా చిన్న డిస్కు ఎంతో, ప్రతి డిస్కులోనూ అంతే వాడుకుంటుంది. 500 జీబీది కూడా బాగానే ఉండి నాలుగూ బిగించామనుకోండి. ఒక్కో దాంట్లో 500 జీబీలే లెక్క. రెయిడ్ ఫైవ్ పెడితే వచ్చేది 1.5 టీబీ. రెయిడ్ సిక్స్ పెట్టినా, రెయిడ్ టెన్ పెట్టినా వచ్చేది 1 టీబీ. నాలుగున్నర టీబీల ఇనుము తిప్పి మనం పొందేది ఒక టీబీ! రెండు 1 టీబీ డిస్కుల్ని అద్దంగా పెడితే వచ్చేదీ సరిగ్గా అంతే.

పోనీ చిన్నదాన్ని వదిలేసి, 1, 1, 2 టీబీల మూడింటితో రెయిడ్ ఫైవ్ పెడితే? 2 టీబీలు వస్తాయి. పెద్ద డిస్కులో సగం ఖాళీగా పడి ఉంటుంది. కానీ ఆ 2 టీబీ డిస్కు ఒక్కదాన్నే విడిగా పెట్టుకున్నా 2 టీబీలు వచ్చేవి కదా. పరిమాణాలు కలవని పాత డిస్కులతో పారిటీ పద్ధతులు ఇలా దెబ్బతింటాయి. ఒకే పరిమాణం డిస్కులు నాలుగైదు ఉన్నవాళ్ళకు, పదిహేను ఇరవై టీబీలు దాచేవాళ్ళకు రెయిడ్ ఫైవ్, సిక్స్‌ల ప్రయోజనం వేరు. 700 జీబీల ఇంటికి ఆ అవసరం లేదు, రెండు 1 టీబీ డిస్కుల అద్దం చాలు.

వేగం కోసమైనా ఎక్కువ డిస్కులు పెట్టాలి కదా అని అడిగేవాళ్ళుంటారు. ఆ కాలపు మదర్‌బోర్డుకు ఉండేది గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టు. దాని గుండా సెకనుకు 110 నుంచి 115 మెగాబైట్లకు మించి పోదు. ఒక్క పాత హార్డ్‌డిస్కు కూడా పెద్ద ఫైలు చదివేటప్పుడు ఇంచుమించు ఆ వేగాన్ని అందుకుంటుంది. వైఫై మీదైతే అంత కూడా రాదు. కాబట్టి ఇంకో రెండు డిస్కులు తిప్పినందువల్ల అమ్మ ఫోన్‌లో ఫొటో తొందరగా తెరుచుకోదు.

ఇక కరెంటు. ఫైల్ సర్వర్ రోజులో ఇరవై మూడు గంటలు ఏ పనీ చేయదు. అందుకని అది గట్టిగా పనిచేసేటప్పుడు ఎంత తీసుకుంటుందన్నది ముఖ్యం కాదు, ఊరికే కూర్చున్నప్పుడు ఎంత తీసుకుంటుందన్నదే లెక్క. దాన్ని ఐడిల్ లోడ్ అంటారు. ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఈ పని తలపెట్టినవాళ్ళు కొనాల్సిన మొదటి వస్తువు అదే. పెట్టె మీద రాసిన 450 వాట్లు ఆ పవర్ సప్లై గరిష్ఠంగా ఇవ్వగలిగే శక్తి, వాడుకున్నది కాదు.

మన ఉదాహరణలోని పెట్టె నాలుగు డిస్కులతో, గ్రాఫిక్స్ కార్డుతో ఖాళీగా కూర్చున్నప్పుడు 66 వాట్లు చూపిస్తోందనుకుందాం. ఇలాంటి పెట్టెకు అది సహజమైన అంకె. 66 వాట్లు ఏడాది పొడుగునా అంటే 578 యూనిట్లు. లెక్క తేలిగ్గా ఉండటానికి యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 4,600 రూపాయల పైమాట. ఇంకో సంగతి. మనకు ఇళ్ళ కరెంటు స్లాబుల వారీగా ఉంటుంది. ఈ యూనిట్లు మీ వాడకంలో పైన చేరతాయి కాబట్టి వాటికి పడేది మీరు చేరుకున్న అన్నిటికన్నా పై స్లాబు రేటు. సగటు రేటుతో లెక్క వేసుకుంటే మోసపోతారు.

ఇప్పుడు తగ్గిద్దాం. మొదట గ్రాఫిక్స్ కార్డు పీకేయండి. ఆ తరం ఐ5 ప్రాసెసర్లలో దాదాపు అన్నిటికీ బొమ్మ చూపించే శక్తి లోపలే ఉంది. సర్వర్‌కు మానిటర్ కూడా అక్కర్లేదు, మొదటి రోజు బిగించేటప్పుడు ఉంటే చాలు. కార్డును బట్టి 10 నుంచి 20 వాట్లు తగ్గుతాయి. మన దాంట్లో 66 కాస్తా 52 అయింది.

తర్వాత డిస్కులు. మూడున్నర అంగుళాల హార్డ్‌డిస్కు ఏమీ చేయకుండా ఊరికే తిరుగుతున్నా 4 నుంచి 6 వాట్లు తీసుకుంటుంది. పవర్ సప్లైలో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే గోడ దగ్గర ఒక్కోదానికి సుమారు 6. రెండు డిస్కులు తీసేస్తే 12 తగ్గి 40కి దిగింది. ఒక్క డిస్కు ఊరికే తిరగడానికి ఏడాదికి 50 యూనిట్లకు పైగా, అంటే 400 రూపాయల పైమాటే అవుతుందన్నమాట. ఉచితంగా దొరికిన పాత డిస్కు నిజానికి ఉచితం కాదు. పాత 500 జీబీ డిస్కులు నాలుగైదు పోగేసి సర్వర్ నడిపే ఔత్సాహికులున్నారు. కొన్నేళ్ళ బిల్లు కలిపి చూస్తే అది ఖరీదైన సరదా.

మూడోది బయాస్. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ, ఎఫ్2 గానీ నొక్కితే వచ్చే తెర. అందులో సీ స్టేట్స్ అనే సెట్టింగు ఉంటుంది. ప్రాసెసర్ పని లేనప్పుడు ఎంత లోతుగా నిద్రపోవచ్చో అది నిర్ణయిస్తుంది. పాత మదర్‌బోర్డుల్లో లోతైన నిద్రను చాలాసార్లు ఆపేసి ఉంచుతారు. దాన్ని ఆన్ చేయాలి. తర్వాత లైనక్స్‌లో powertop అనే ప్రోగ్రాం నడిపితే, సాటా లింకులు, యూఎస్‌బీ పోర్టులు వగైరా ఏవి అనవసరంగా మేలుకుని ఉన్నాయో చెబుతుంది. ఈ రెండూ కలిసి ఓ 6 వాట్లు తగ్గించి 34కి తెచ్చాయి. పాత సర్వర్ల నుంచి తీసిన రెయిడ్ కార్డులు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయని కొనేవాళ్ళకు ఇక్కడే ఒక మాట. ఆ కార్డే ఓ 10 వాట్ల దాకా తీసుకుంటుంది, పైగా చాలా కార్డులు ప్రాసెసర్‌ను లోతైన నిద్రలోకి పోనివ్వవు. రెండు డిస్కులకు మదర్‌బోర్డు మీది సాటా పోర్టులు చాలు.

పవర్ సప్లై మీద 80 ప్లస్ అనే ముద్ర ఉంటుంది. దాన్ని చూసి ఇక్కడ సంతోషపడేదేమీ లేదు. మామూలు స్థాయి ముద్రలకు పరీక్ష మొదలయ్యేది 20 శాతం లోడు దగ్గర. 450 వాట్ల సప్లైకి 20 శాతమంటే 90 వాట్లు. మనం నడిపేది 34 దగ్గర, అక్కడ అది ఎలా పనిచేస్తుందో ఆ ముద్ర చెప్పదు. తక్కువ వాట్ల మంచి సప్లై ఇంట్లో ఉంటే మార్చి, మీటర్ పెట్టి చూడండి. కొన్నిసార్లు నాలుగైదు వాట్లు దిగుతాయి, కొన్నిసార్లు ఏమీ మారదు. కొత్తది కొనేంత లాభం మాత్రం ఉండదు. మరీ చిన్నది పెట్టడమూ కుదరదు. ఎందుకంటే ప్రతి డిస్కూ తిరగడం మొదలుపెట్టే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల తీగ మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండు డిస్కులకు అక్కడికే 50 వాట్లు.

చివరిది డిస్కుల్ని నిద్రపుచ్చడం. hdparm అనే ప్రోగ్రాంతో, ఇరవై నిమిషాలు ఎవరూ అడగకపోతే తిరగడం ఆపేయమని చెప్పొచ్చు. అప్పుడు ఒక్కో డిస్కు 1 వాట్ కన్నా తక్కువకు దిగుతుంది. మన పెట్టె 24 వాట్లకు వస్తుంది. రోజుకు పదహారు గంటలు నిద్రపోయినా సగటు 27 వాట్లు, ఏడాదికి 240 యూనిట్లు. మొదటి 578తో పోల్చుకోండి. అయితే ఇక్కడ రెండు షరతులున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎస్ఎస్‌డీ మీదే పెట్టాలి. హార్డ్‌డిస్కు మీద పెడితే నిమిషానికోసారి ఏదో ఒక లాగ్ రాస్తూ దాన్ని నిద్రపోనివ్వదు. రెండోది, నిద్ర గడువు మరీ ఐదు నిమిషాలు పెట్టకండి. రోజుకు యాభైసార్లు ఆగి మొదలయ్యే డిస్కు ఎప్పుడూ తిరిగే డిస్కు కంటే ముందు అరిగిపోవచ్చు. నిద్ర లేచేటప్పుడు మొదటి ఫైలుకు ఓ పది సెకన్లు ఆలస్యమవుతుంది. సర్వర్ పాడైందని ఇంట్లోవాళ్ళు ఫోన్ చేయకుండా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు అద్దాన్ని కట్టడం. మదర్‌బోర్డు బయాస్‌లో రెయిడ్ అనే మాట కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకుండా ఏహెచ్‌సీఐ అని ఉన్నదాన్నే ఉంచండి. బోర్డు కట్టిన రెయిడ్‌లో, బోర్డు కాలిపోతే అలాంటి బోర్డే వెతుక్కోవాల్సి రావచ్చు. పదేళ్ళ నాటిది ఎక్కడ దొరుకుతుంది? లైనక్స్‌లోని mdadm తో కట్టిన అద్దానికి ఆ బాధ లేదు, ఏ కంప్యూటర్‌లో పెట్టినా గుర్తుపడుతుంది.

డెస్క్‌టాప్ డిస్కులతో రెయిడ్ కట్టేవాళ్ళను అందరికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది, అది తెలియక మంచి డిస్కుల్ని పారేస్తుంటారు. మామూలు డెస్క్‌టాప్ డిస్కుకు ఒక సెక్టార్ చదవడం కష్టమైతే అది పట్టు వదలదు. నిమిషం, రెండు నిమిషాలైనా ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు అది మంచి గుణమే. కానీ లైనక్స్ ఎదురుచూసేది ముప్పై సెకన్లే. జవాబు రాకపోతే డిస్కును రీసెట్ చేయబోతుంది, అప్పటికీ పలకకపోతే అది చచ్చిపోయిందని అద్దంలోంచి తీసేస్తుంది. ఒక్క సెక్టార్ కోసం మొత్తం డిస్కు పోయినట్టు లెక్క. నాస్ కోసమని అమ్మే డిస్కులు ఏడు సెకన్లకే చేతులెత్తేసి లోపం ఉందని చెప్పేస్తాయి. అప్పుడు రెయిడ్ ఆ ముక్కను రెండో డిస్కు నుంచి తెచ్చి సరిచేస్తుంది. కొన్ని డెస్క్‌టాప్ డిస్కులకు కూడా ఆ ఏడు సెకన్ల గడువు పెట్టొచ్చు. అది smartctl లోనే ఉండే scterc అనే సెట్టింగు. కరెంటు పోయి వస్తే చాలా డిస్కులు దాన్ని మరిచిపోతాయి, అందుకని ఆన్ అయిన ప్రతిసారీ పెట్టేలా రాసుకోవాలి. డిస్కు ఒప్పుకోకపోతే, లైనక్స్ వైపున ఆ ముప్పై సెకన్లను 180 చేయండి.

ముందు ముందు పాతదాని బదులు కొత్త డిస్కు కొనాల్సి వస్తే, అది సీఎంఆర్ రకమా, ఎస్ఎంఆర్ రకమా అని చూసుకోండి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, ఒకటి తిరగరాయాలంటే పక్కవాటిని కూడా రాయాలి. గంటల తరబడి ఆపకుండా రాసే రెయిడ్ పునర్నిర్మాణంలో ఇవి నత్తనడక నడుస్తాయి. 2020లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ నాస్‌ల కోసం అమ్ముతున్న రెడ్ శ్రేణిలో కొన్నిటికి ఎస్ఎంఆర్ వాడుతున్నట్టు బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాతే సీఎంఆర్ డిస్కుల్ని రెడ్ ప్లస్ అనే పేరుతో వేరు చేశారు.

మన ఊళ్ళల్లో కరెంటు చెప్పి పోదు. రెయిడ్ ఫైవ్‌లో 7 బదులు 9 రాసి, మొత్తాన్ని 14గా దిద్దే లోపు కరెంటు పోయిందనుకోండి. మొత్తం ఇంకా 12 గానే ఉంది. ఆ రోజు ఏమీ తెలియదు. తర్వాతెప్పుడో 5 ఉన్న డిస్కు పోయినప్పుడు, 12 లోంచి 9 తీసేసి అక్కడ 3 ఉండేదని తప్పు జవాబు చెబుతుంది. ఆనాడు ఎవరూ ముట్టుకోని ఫైలు పాడవుతుంది. దీన్ని రైట్ హోల్ అంటారు. దీనికి మందులున్నాయి గానీ, అద్దంలో ఇలా పక్క ఫైలు చెడిపోయే సమస్య పుట్టదు. ఏమైనా చిన్న యూపీఎస్ అవసరం. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కబురు పంపే రకం తీసుకోండి. మార్కెట్‌లో దొరికే చవక యూపీఎస్‌లలో చాలావాటికి ఆ తీగ ఉండదు. కబురు అందకపోతే బ్యాటరీ అయిపోయే క్షణం కంప్యూటర్‌కు తెలియదు.

కరెంటు తిరిగి వచ్చాక పెట్టె దానంతటదే లేవాలి. అందుకు బయాస్‌లో ఏసీ పవర్ లాస్ అన్న మాట ఉన్న సెట్టింగు వెతికి ఆన్ చేయండి. దానికన్నా ముందు మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ, CR2032, కొత్తది వేయండి. పదేళ్ళ బోర్డులో అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అది లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ మీరు పెట్టిన సెట్టింగులన్నీ చెరిగిపోతాయి.

పెట్టెను అటక ఎక్కించకండి. మే నెలలో విజయవాడ గదిలోనే నలభై డిగ్రీలుంటే అటక మీద ఇంకా ఎక్కువ. స్మార్ట్ పట్టికలో 194వ వరస డిస్కు వేడిని చూపిస్తుంది. అది యాభై దాటుతోందంటే, డిస్కుల ముందు ఒక ఫ్యాను నెమ్మదిగా తిరిగేలా పెట్టండి. దానికయ్యేది ఒకటి రెండు వాట్లే.

అసలు సరుకు ఎక్కించే ముందు, కొన్ని ఫైళ్ళు మాత్రం పెట్టి ఒక పూట కవాతు చేయించండి. ప్రతి డిస్కు మీదా సీరియల్ నంబరు ఉంటుంది. దాని చివరి నాలుగు అక్షరాలు కాగితం మీద పెద్దగా రాసి, పెట్టె బయట నుంచి కనిపించే చోట అంటించండి. ఒక డిస్కు పోయిన రోజున కంగారులో బాగున్న డిస్కును పీకేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. తర్వాత పెట్టెను ఆపేసి, ఒక డిస్కు సాటా కేబుల్ తీసి, మళ్ళీ ఆన్ చేయండి. /proc/mdstat అనే ఫైలు తెరిస్తే, అంతకుముందు [UU] అని ఉన్నచోట ఒక U పోయి గీత కనిపిస్తుంది. ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో చూడండి. మెయిల్ పంపే ఏర్పాటు చేసి ఉంటే, అద్దం సగమైందన్న మెయిల్ వచ్చిందో లేదో కూడా చూడండి. రాకపోతే ఆ ఏర్పాటు అసలు పనిచేయడం లేదన్నట్టు. ఏడాది పాటు ఒంటి డిస్కు మీద నడుస్తూ, ఎవరికీ తెలియకుండా ఉండిపోయే అద్దాలు అలాంటి ఇళ్ళల్లోవే. ఇప్పుడు పెట్టెను మళ్ళీ ఆపి కేబుల్ పెట్టి, ఆన్ చేసి, ఆ డిస్కు మీది పాత రెయిడ్ గుర్తును చెరిపి కొత్త డిస్కులా చేర్పించండి. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున 1 టీబీ పూర్తి కావడానికి మూడు గంటలకు కాస్త తక్కువ పడుతుంది.

మిగిలింది 2 టీబీ డిస్కు. దాన్ని పెట్టెలో బిగించకండి. అద్దం ఉన్నా అది అవసరం. మనవడు పొరపాటున ఫొటోల ఫోల్డర్ చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణం చెరిగిపోతుంది. వైరస్ పడితే రెండూ పాడవుతాయి, పిడుగు పడితే రెండూ కాలిపోతాయి. డిస్కు పోయినా సర్వర్ ఆగకుండా చూడటం వరకే రెయిడ్ పని. అందుకని ఆ 2 టీబీ డిస్కును యూఎస్‌బీ డాక్‌లో పెట్టి, నెలకోసారి rsync తో కాపీ చేసి, మళ్ళీ ప్లగ్గు తీసేయండి. సరుకు 700 జీబీలే కాబట్టి ఇంకా సగానికి పైగా జాగా మిగులుతుంది. మారిన, చెరిపిన ఫైళ్ళ పాత ప్రతుల్ని కూడా కొన్ని నెలలపాటు అందులో ఉంచుకోవచ్చు. తర్వాత దాన్ని అదే ఇంటి బీరువాలో కాకుండా గుంటూరులో అక్క ఇంట్లో పెట్టి, అటు వెళ్ళినప్పుడల్లా తెచ్చి తాజా చేసుకుంటే సరి. అక్కడ ఉన్నన్నాళ్ళూ అది ఒక్క వాట్ కూడా తీసుకోదు.